చెరువు కాడ ప్రోగ్రాంకి ఏ స్విచ్ ఇచ్చాం, ఏది ఇవ్వలేదు: నా అనుభవం

ఒక రాత్రి 1:40కి మా రెండో రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు నాలుగూ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోలేదు, ఫ్యూజు కొట్టలేదు. ఆపింది నేను రాసిన ప్రోగ్రామే.

మాది ఉండి దాటాక ఆకివీడు వైపు ఒక ఊరు. వనామీ రొయ్యల చెరువులు మూడున్నాయి. నాన్నగారు, మా బాబాయి చూసుకుంటారు. నేను హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తూ ఇక్కడే ఉంటున్నాను. బాబాయి పడక చెరువు గట్టు మీద మకాంలోనే. రాత్రుళ్ళు రెండు గంటలకోసారి లేచి, టార్చి వేసుకుని, చేతి మీటర్ నీళ్ళలో ముంచి ఆక్సిజన్ చూసేవాడు. ఆయనకి ఆ బాధ తప్పిద్దామని ఒక చిన్న కంప్యూటర్, నీళ్ళలో వేలాడుతూ కరిగిన ఆక్సిజన్ కొలిచే ఒక డీఓ ప్రోబ్, ప్యానెల్ బోర్డులో ప్రోగ్రాం చెప్పినట్టు మోటార్లు వేసి ఆపే నాలుగు రిలేలు పెట్టాను. ప్రతి ఐదు నిమిషాలకి ఒక జాబ్ నడుస్తుంది, రీడింగ్ చూస్తుంది, ఏరియేటర్లు వేయాలా ఆపాలా తేలుస్తుంది. టైముకి ప్రోగ్రాములు నడిపే క్రాన్‌లో ఒక్క లైను:

```
*/5 * * * * /home/pi/cheruvu/check.py >> /home/pi/cheruvu/log.txt 2>&1
```

అందులో నియమం చాలా సింపుల్. లీటరుకి 4.5 మిల్లీగ్రాముల కన్నా ఆక్సిజన్ తగ్గితే వెయ్యి, 6 దాటితే ఆపు. వనామీకి 4 పైన ఉంటే హాయి, 3 కిందికి వెళ్తే మేత మానేస్తుంది, ఇంకా పడితే గట్టు వారకి వచ్చి పైకి తేలుతుంది, ఆ తర్వాత పొద్దున్నే మనం చూసేది చచ్చిన సరుకు. పగలు పాచి ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పాచి, అడుగునున్న మురుగు, రొయ్య కలిసి దాన్ని తినేస్తాయి, అందుకే తెల్లారగట్ల అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. ఇదంతా మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ ఆ "ఆపు" అన్న ముక్క రాశాను.

ఆ రాత్రి లాగ్‌లో కొన్ని లైన్లు ఇవీ:

```
01:35 DO=4.60 T=29.1 keep
01:40 DO=7.90 T=25.3 OFF 1,2,3,4
01:55 DO=7.91 T=25.2 OFF 1,2,3,4
02:00 DO=7.90 T=25.2 OFF 1,2,3,4
```

ప్రోబ్‌ని కట్టిన ఫ్లోట్ ఏరియేటర్ అలలకి తిరగబడింది. ప్రోబ్ నీళ్ళలోంచి బయటికొచ్చి గాలిలో వేలాడింది. గాలిలో ఉన్న డీఓ ప్రోబ్ చక్కగా, ఏ తప్పూ చూపించకుండా, ఆ వేడికి నీళ్ళలో గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ కరుగుతుందో దాదాపు అంతే చూపిస్తుంది. మీటర్ పాడవలేదు, అబద్ధమూ చెప్పలేదు, అది కొలుస్తున్నది చెరువుని కాదు, అంతే.

బాబాయిని లేపింది నా ప్రోగ్రాం పంపిన మెసేజ్ కాదు. ఏరియేటర్ల చప్పుడు ఆగిపోవడం. రోజూ ఆ మోతలోనే నిద్రపోయే మనిషికి అది ఆగితే మెలకువ వచ్చేస్తుంది. లేచి వెళ్ళి స్టార్టర్ పచ్చ బటన్లు నొక్కాడు. రెండు మూడు నిమిషాల్లో, 1:55కి, నా జాబ్ మళ్ళీ ఆపేసింది. మళ్ళీ నొక్కాడు, 2:00కి మళ్ళీ ఆగింది. అప్పుడాయన ప్యానెల్ తలుపు తీసి నా రిలే బోర్డు వైర్లు పీకేసి, ఏరియేటర్లు నేరుగా వేసి, చేతి మీటర్ ముంచి చూశాడు. 4.2 ఉంది. ఆ రోజు సరుకేమీ పోలేదు. పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఒకటే మాట అన్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, నేను వేస్తుంటే ఆపేస్తన్నాడు, ఎవడ్రా వాడు లోపల?"

నవ్వొచ్చింది గానీ ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు. ఎదురుగా మనిషి నిలబడి, తన చేత్తో నొక్కిన బటన్‌ని, ఎవర్నీ అడక్కుండా ఐదు నిమిషాల్లో తిప్పేసే అధికారం ఆ స్క్రిప్టుకి నేనే ఇచ్చాను. ఇస్తున్నానని కూడా అనుకోలేదు. `else` రాశాను, అధికారం దానంతటదే వచ్చేసింది.

ఆ సాయంత్రం నాన్నగారు, బాబాయి, నేను మకాం ముందు మంచం మీద కూర్చున్నాం. నేను ముందు సెన్సర్ గురించి మొదలుపెట్టాను. ఫ్లోట్ బరువు పెంచుతాను, రెండో ప్రోబ్ పెడతాను, ఒక్క రీడింగ్‌కి కాకుండా మూడు వరుసగా వస్తేనే నమ్ముతాను అని. నాన్నగారు కాసేపు విని అడ్డుకున్నారు.

"అవన్నీ చెయ్యి. కానీ అవన్నీ చేశాక కూడా తప్పు చూపించిందనుకో. వెయ్యకూడనప్పుడు వేస్తే ఏమవుద్ది? ఆపకూడనప్పుడు ఆపితే ఏమవుద్ది? రెండూ ఒకటేనా?"

కాదు. ఆ చెరువు రెండెకరాలు, అప్పటికి 66 రోజుల పంట, కిలోకి 70 తూగే 70 కౌంట్, మా అంచనాకి మూడు టన్నుల సరుకు. రెండు హార్స్ పవర్ మోటార్లు నాలుగు. అక్కర్లేకుండా రాత్రంతా తిరిగితే గంటకి 6 యూనిట్ల పైమాట కరెంటు పోతుంది. బాధే, కానీ పొద్దున్న లెక్క చూసుకుని ఆపేయొచ్చు. అవసరమైనప్పుడు ఆగిపోతే, ఆ పొద్దుటికి చూసుకోవడానికి లెక్కే ఉండదు. ఒకే రిలే, ఒకే ప్రోబ్, ఒకే సంఖ్య, కానీ వేయడం ఒక పని, ఆపడం వేరే పని. నేను రెండిటినీ కలిపి "ఏరియేటర్ కంట్రోల్" అని ఒక పేరు పెట్టి ఒకే అనుమతి ఇచ్చేశాను. నా తప్పు అక్కడుంది, ఫ్లోట్ దగ్గర కాదు.

అప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని ఆ ప్రోగ్రాం చేయగలిగిన పనులన్నీ విడివిడిగా రాశాం. వేయడం ఒకటి, ఆపడం ఒకటి. ఆటో ఫీడర్ ఉన్న చెరువులో ఒక పూట మేత మానేయించడం ఒకటి, రోజు మేత తగ్గించడం ఇంకొకటి. జనరేటర్ స్టార్ట్ చేయడం. బోదె నుంచి నీళ్ళు తోడే మోటారు వేయడం. ఒక్కొక్కదానికి మేం వేసుకున్న ప్రశ్నలు పెద్ద గొప్పవేం కాదు. తప్పయితే ఏం పోతుంది, పొద్దుటికి వెనక్కి తీసుకోగలమా, మనిషిని అడిగి జవాబొచ్చేలోపు పుణ్యకాలం గడిచిపోతుందా, ఆ టైములో అసలు జవాబు చెప్పేదెవరు.

నీళ్ళ మోటారు అన్నిటికన్నా తొందరగా తేలిపోయింది. ఆక్సిజన్ పడితే కొత్తనీళ్ళు పెట్టడం పాత పద్ధతే, నేను అది కూడా ఆటోమేటిక్ చేద్దామనుకున్నాను. బాబాయి "వద్దు" అన్నాడు, అంతే. బోదెలో పైచెరువు వాళ్ళు ఏం వదిలారో ప్రోబ్‌కి తెలీదు. పక్క చెరువుకి తెల్లమచ్చ రోగం తగిలి వాళ్ళు నీళ్ళు వదిలేసి ఉంటే, ఆ నీళ్ళు మన చెరువులోకి ఒక్కసారి వచ్చాక వెనక్కి పోవు. ఈ పని ప్రోగ్రాం చేయదు, చేయమని సలహా కూడా ఇవ్వదు. ఆ మోటారుకి రిలే తగిలించనే లేదు. కోడ్‌లో "చేయొద్దు" అని రాయడం కన్నా వైరు లేకపోవడం నాకు ఎక్కువ ధైర్యం.

మేత దగ్గర మాత్రం వాదన నడిచింది. ఆ చెరువుకి రోజుకి దాదాపు 95 కిలోలు, నాలుగు పూటలు. పొద్దున్న 6 గంటల పూటకి ఆక్సిజన్ 3.5 కింద ఉంటే ఆ పూట మేత వేయకపోవడమే మంచిది. రొయ్య తినదు, తినని మేత అడుగున కుళ్ళి ఇంకా ఆక్సిజన్ లాగేస్తుంది. ఒక పూట మానితే రొయ్యకి ఏమీ కాదు, మధ్యాహ్నానికి సర్దుకుంటుంది. కాబట్టి ఒక పూట ఆపడం ప్రోగ్రామే చేసి, చేశానని చెబుతుంది. రెండో పూట కూడా ఆపాలనిపిస్తే అడగాలి. ఎందుకంటే రెండు పూటలు వరుసగా తక్కువ చూపిస్తోందంటే ప్రోబ్ మీద నాచు పట్టి ఉండొచ్చు. ఆ నాచు కూడా ఊపిరి పీల్చుకుంటుంది, ప్రోబ్ ముఖం దగ్గరున్న ఆక్సిజన్ అదే తినేసి రీడింగ్ కిందికి లాగుతుంది. అలాంటప్పుడు ప్రోగ్రాం పూటపూటకీ మేత మానేయిస్తూ పోతే, ఎక్కడా పెద్ద తప్పు కనపడకుండానే వారం తిరిగేసరికి కౌంట్ దెబ్బతింటుంది. రోజు మేత ఎంత అన్నది చెక్ ట్రే చూసి బాబాయి చెప్పాల్సిందే. ట్రేలో ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా, ఇవి నా ప్రోబ్‌కి కనపడేవి కావు.

ఇప్పటిదాకా చెప్పింది వింటే ఏరియేటర్ వేయడం మాత్రం ఎప్పుడైనా, ఎవర్నీ అడక్కుండా చేయొచ్చు అనిపిస్తుంది కదా. మేమూ అలాగే రాసుకున్నాం. కాగితం మీద దాని ఎదురుగా పెద్ద టిక్కు పెట్టాను. ఆ టిక్కు తప్పని తెలియడానికి పది రోజులు పట్టింది.

ముసురు పట్టిన రోజు, మధ్యాహ్నం మూడింటికి. మబ్బు వల్ల పగలు కూడా ఆక్సిజన్ పెరగలేదు, 4.4కి వచ్చింది. అదే టైముకి మూడో ఏరియేటర్ పాడిల్‌కి నైలాన్ తాడు ముక్క, పాచి చుట్టుకున్నాయని మా పనబ్బాయి నడుంలోతు నీళ్ళలో దిగి రెండు చేతులతో లాగుతున్నాడు. స్టార్టర్ ఆఫ్ చేసే దిగాడు. కానీ నా రిలేకి ఆ ఆఫ్‌తో పనేంటి? క్రాన్ దాని టైముకి అది లేచింది, ఒకటో ఏరియేటర్ వేసింది, పది సెకన్లకి రెండోది వేసింది. అదృష్టం ఏంటంటే, నాలుగు మోటార్లు ఒకేసారి లాగితే జనరేటర్ మీద భారం పడుతుందని ఒక్కొక్కదానికి పది సెకన్ల ఎడం పెట్టాను. ఆ పక్కవి రెండూ మోత మొదలుపెట్టగానే అతను చేతులు తీసి వెనక్కి జరిగాడు. మూడోది తిరిగింది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చేతులు చల్లబడుతున్నాయి.

రొయ్యకి ఏమవుతుంది, కరెంటు ఎంత పోతుంది అని లెక్కలేసుకున్నాం గానీ, చెరువులో మనిషి ఉంటాడన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు. వేయడం అన్న పని రొయ్యల వైపు నుంచి చూస్తే వెనక్కి తీసుకోగలిగేది, మనిషి వేళ్ళ వైపు నుంచి చూస్తే కాదు. ఆ సాయంత్రమే రిలే వైర్లు తీసేసి, ఊళ్ళో ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ప్రతి ఏరియేటర్‌కి ఒక సెలెక్టర్ స్విచ్ పెట్టించాం. ఆటో, ఆఫ్, చెయ్యి అని మూడు గీతలు. ఆఫ్‌లో ఉంటే నా రిలే ఎంత కొట్టుకున్నా మోటారుకి కరెంటు వెళ్ళదు. "చెయ్యి" గీత మీద ఉంటే నా రిలే దాన్ని ఆపనూ లేదు, బాబాయి వేసింది బాబాయే తీయాలి. నీళ్ళలో దిగేవాడు దాన్ని ఆఫ్‌లో పెట్టడమే కాదు, ఆ ఏరియేటర్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని దిగాలి. ఇది ప్రోగ్రాం లేని రోజుల్లో కూడా చేయాల్సిన పనే, మేం చేసేవాళ్ళం కాదు.

దాంతో పాటు వేయడాన్ని కూడా రెండు ముక్కలు చేశాం. రాత్రి 9 నుంచి పొద్దున్న 5 దాకా నీళ్ళలో ఎవరూ ఉండరు, అప్పుడు వెంటనే వేసేస్తుంది. పగలైతే ముందు సైరన్ ఒక నిమిషం మోగి ఆ తర్వాతే వేస్తుంది, గట్టు మీద ఎర్ర బటన్ నొక్కితే వేయదు. నిమిషం ఆలస్యానికి రొయ్యకి ఏమీ కాదు. జనరేటర్‌ కూడా ఇదే కారణం మీద అడిగే పనుల్లోకి వెళ్ళింది. కరెంటు పోయిందంటే ఎవరో ఒకరు ఎక్కడో వైరు సవరిస్తూ ఉండొచ్చు, లైను నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ సరిగ్గా పడకపోతే మన కరెంటు లైన్‌లోకి ఎదురెక్కి స్తంభం మీదున్న మనిషిని కొడుతుంది. రాత్రి కరెంటు పోతే ప్రోగ్రాం సైరన్ మోగిస్తుంది, బాబాయి లేచి హ్యాండిల్ తిప్పుతాడు. మకాం నుంచి జనరేటర్ షెడ్ ఇరవై అడుగులు. మనిషి అంత దగ్గరుంటే అడగడమే నయం. మకాంలో ఎవరూ పడుకోని చెరువైతే ఈ నిర్ణయం ఇలా ఉండదు.

ఇక అడగడం గురించి. ఇది నేను తేలికనుకున్నాను. ప్రమాదమైన పనులన్నీ "అడుగు" అనే బుట్టలో వేసేస్తే మన బాధ్యత తీరిపోతుంది అనుకున్నాను. మొదటి వారంలో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌కే పంపేవాణ్ణి. 4.8 వచ్చింది, 4.6 వచ్చింది, ఏరియేటర్ ఆపమంటారా, మీటర్ రీడింగ్ ఆలస్యమైంది, ఇలా ఒక్కో రాత్రి నలభై దాకా వెళ్ళేవి. మూడో రోజుకి అమ్మ గ్రూప్ మ్యూట్ చేసింది, ఐదో రోజుకి నాన్నగారు. నిజంగా చూడాల్సిన మెసేజ్ ఒకటి, ప్రోబ్ కేబుల్ ఎలుక కొరికి రీడింగులే రావడం లేదన్నది, రాత్రి 11:20కి వచ్చి పొద్దున్న 6:10 దాకా నీలి టిక్కులు లేకుండా పడుంది.

అప్పుడు అర్థమైంది, మనిషిని అడగడం అన్నది పనిని మనిషికి అప్పగించడం కాదు, మనిషి జవాబు చెప్పకపోతే ఏం జరుగుతుందో కూడా మనమే ముందే నిర్ణయించడం. జవాబు రాకపోతే ఏమీ చేయకుండా కూర్చుంటుందంటే అదీ ఒక నిర్ణయమే. ఆక్సిజన్ మా చెరువులో రాత్రి మామూలుగా గంటకి 0.4, 0.5 పడుతుంది. 4.1 దగ్గర అడిగి, జవాబు కోసం మూడు గంటలు ఆగితే 3 కిందికి పోయినట్టే. అందుకని ప్రతి ప్రశ్న పక్కన రెండు గడులు కలిపాను, ఎంతసేపు ఆగాలి, జవాబు రాకపోతే ఏం చేయాలి. ఇప్పుడు ఫైలు ఇలా ఉంది:

```
aerator_on   night  do
aerator_on   day    siren 60s, then do
aerator_off  any    ask 30m, no_reply: leave_on
skip_feed    1st    do, tell
skip_feed    2nd    ask 45m, no_reply: feed_half
generator    any    siren, never_do
no_reading   night  do aerator_on, siren
```

చివరి లైను ఎలుక నేర్పింది. రాత్రి పదిహేను నిమిషాలు రీడింగ్ రాకపోతే, తెలీదు కాబట్టి ఏమీ చేయను అని ఊరుకోకుండా, తెలీదు కాబట్టి ఏరియేటర్లు వేసేస్తుంది. రీడింగ్ రావడమంటే సంఖ్య రావడమొకటే కాదు. ఐదు నిమిషాల్లో ఆక్సిజన్ 0.5 కన్నా ఎక్కువ మారినా, నీళ్ళ వేడి ఒక డిగ్రీ కన్నా ఎక్కువ మారినా ఆ రీడింగ్ లేనట్టే లెక్క. రెండెకరాల నీళ్ళు ఐదు నిమిషాల్లో 29 నుంచి 25కి చల్లబడవు. ఆ మొదటి రాత్రి లాగ్‌లో ఆ పక్క గడిలోనే ఉంది అది, నేనే చూసుకోలేదు. అలాగే నలభై నిమిషాల పాటు రెండో దశాంశం కూడా కదలకుండా అదే సంఖ్య వస్తే అదీ చచ్చిన రీడింగే. నిజం చెరువు అంత నిలకడగా ఉండదు.

మెసేజ్‌లు కూడా తగ్గించాను. చేసేసిన పనులు పొద్దున్న ఆరింటికి ఒకే మెసేజ్‌గా వస్తాయి. అడిగేవి మాత్రమే రాత్రి వస్తాయి, అవి గ్రూప్‌కి కాదు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఒక్క మనిషికి ఫోన్ కాల్‌గా. అందరికీ వెళ్ళే ప్రశ్నకి అందరూ ఇంకెవరో చూస్తారనుకుంటారు. పెళ్ళిలో వడ్డన చూసుకోమని పదిమందికి చెప్పినట్టు.

ఈ ఫైలు రాసిన వెంటనే రిలేలకి వైర్లు తగిలించలేదు. మూడు వారాలు ఉత్తిచేతులతో నడిపాం. ప్రోగ్రాం లెక్క వేసుకుని "ఇప్పుడైతే నేను ఇది చేసేవాణ్ణి" అని లాగ్‌లో రాస్తుంది, అంతే. బాబాయి ఎప్పట్లాగే తన పద్ధతిలో తాను వేసుకుంటూ ఆపుకుంటూ, ఒక నోటుబుక్‌లో టైము రాసేవాడు. ఆదివారం ఆదివారం రెండూ పక్కపక్కన పెట్టుకునేవాళ్ళం. వేయడంలో ఇద్దరూ దాదాపు ఒకే టైముకి వచ్చారు, కొన్ని రాత్రులు ప్రోగ్రామే ఇరవై నిమిషాలు ముందుంది. ఆపడంలో మాత్రం కుదర్లేదు. పొద్దున్న 8 గంటలకి 6.1 రాగానే ప్రోగ్రాం ఆపేయమంటే, బాబాయి నోటుబుక్‌లో 9:30, పది అలా ఉండేది. ఎందుకని అడిగితే "మబ్బుంది కదరా" అన్నాడు. ఇంకో రోజు "నీళ్ళ రంగు మారింది, పాచి చచ్చేట్టుంది" అన్నాడు. పాచి ఒక్కసారిగా చచ్చిపోతే పగలు కూడా ఆక్సిజన్ పడిపోతుంది, ప్రోబ్‌కి అది జరిగాక తెలుస్తుంది, బాబాయికి నీళ్ళు పచ్చ నుంచి గోధుమలోకి తిరగడంలోనే తెలుస్తుంది. ఆ నోటుబుక్ లేకపోతే ఇద్దరం ఒకే లెక్క మీద పనిచేస్తున్నామనే నేను అనుకునేవాణ్ణి. ఆయన 6 చూసి ఆపడం లేదు, 6 చూసి ఆకాశం వైపు చూస్తున్నాడు.

మూడు వారాలయ్యాక కూడా అన్నీ ఒకేసారి ఇవ్వలేదు. ముందు రాత్రి వేయడం ఒక్కటే, అదీ చిన్న చెరువులో. తర్వాత మిగతా రెండు చెరువులకి. మేత మానేయించడం అన్నిటికన్నా ఆఖర్న. ప్రోబ్ ముఖం వారానికోసారి తుడిచి, చేతి మీటర్‌తో పోల్చి తేడా రాయాలి. పది రోజులు దాటినా ఆ పని చేయలేదంటే మేత మానేయించే అనుమతి దానంతటదే పోయి అది కూడా అడిగే పనుల్లోకి వెళ్ళిపోతుంది. ఇది కొంచెం అతి అని నాన్నగారన్నారు. రెండుసార్లు అలా పోయింది, రెండుసార్లూ మేం పెళ్ళిళ్ళ హడావుడిలో ప్రోబ్ తుడవడం మర్చిపోయాం, రెండోసారి తేడా 0.7 ఉంది.

ఆపడం గురించి మాత్రం ఇంట్లో ఇప్పటికీ రెండు పార్టీలు. పగలు పది నుంచి మూడు దాకా, రెండు ప్రోబులూ 6 పైన ఒకే మాట చెబితే, సెలెక్టర్ ఆటోలో ఉంటే, నాలుగిటిలో రెండు ఆపేసే అధికారం ఇద్దామని నేనంటాను. కరెంటు బిల్లు చూసినప్పుడల్లా నాన్నగారు నా వైపు కాస్త ఒరుగుతారు. బాబాయి మాత్రం "అడగమను, నేను చెప్తాను" అంటాడు. ఇప్పటికైతే అడుగుతోంది. నిన్న పొద్దున్న 9:10కి ఫోన్ చేసింది, ఆయన తీయలేదు, చెక్ ట్రేలు చూస్తున్నాడట. అరగంట ఆగి, ఫైల్లో ఉన్నట్టే ఏరియేటర్లు వదిలేసింది. పదింపావుకి ఆయనే వచ్చి రెండు ఆపాడు, మిగతా రెండు మబ్బు చూసి ఉంచాడు.